రెండెకరాల తొమ్మిది సెంట్లు

ఆవిడంటే నాకు అసూయగా ఉండేది. ఈ మాట ఇన్నాళ్లకి కాగితం మీద పెట్టగలుగుతున్నాను. అప్పట్లో దానికి చాలా పేర్లు పెట్టుకున్నాను. క్రమశిక్షణ అన్నాను, అనుభవం అన్నాను, చదువుకుని వచ్చినవాళ్లకీ చూసి నేర్చుకున్నవాళ్లకీ ఉండాల్సిన తేడా అన్నాను. ఏ పేరు పెట్టుకున్నా మధ్యాహ్నం క్యారేజీ విప్పేసరికి అన్నం సహించేది కాదు.

మా ఆఫీసు ఏలూరు శివార్లలో, వట్లూరు వైపు, ఒక టైర్ల షాపు మీద రెండో అంతస్తులో ఉండేది. మొత్తం ఆరుగురం. కాలేజీలకీ, నర్సరీలకీ, రైతు సంఘాలకీ వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లం. నేను ఎంసీఏ చదివి, పదమూడేళ్లు ఆ కుర్చీలోనే కూర్చుని, వెబ్‌సైట్లు రాయడానికి మేం వాడే లారావెల్‌కి కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా మా సారుకి నేనే అర్థమయ్యేలా చెప్పి, ఆఫీసులో పెద్దదాన్నయ్యాను. పెద్దదాన్నని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

మాకున్న ఖాతాదారుల్లో పెద్దది చేపల చెరువుల రైతు సంఘం. వాళ్ల ఆఫీసు తాడేపల్లిగూడెంలో, సభ్యులు మాత్రం చాలామంది కొల్లేటి వైపు ఊళ్లవాళ్లు. రైతులు దరఖాస్తు పెట్టుకునే ఫారం నేనే రాశాను. అందులో పదిహేడు గడులు. పేరు, తండ్రి పేరు, ఫోను, ఊరు, చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం, కరెంటు మీటరు, ఇలా. ప్రతి గడికీ ఒక నియమం ఉంటుంది. ఇది ఖాళీగా ఉండకూడదు, ఇది పది అంకెలే ఉండాలి, ఇది సంఖ్యే అయ్యుండాలి. ఏ ఒక్క నియమం తప్పినా లారావెల్ ఆ ఫారాన్ని లోపలికి తీసుకోకుండా వెనక్కి పంపేస్తుంది.

వెనక్కి పంపేటప్పుడు ప్రోగ్రాం రాసేవాళ్లు రెండు పనులు చెయ్యాలి. తప్పెక్కడుందో చెప్పాలి, అవతలి మనిషి అంతవరకూ కొట్టినదాన్ని మళ్లీ గడుల్లో పెట్టాలి. మొదటిది నేను సగమే చేశాను. తప్పులన్నీ పైన ఒక ఎర్ర డబ్బాలో, ఇంగ్లీషులో, వరసగా కనిపించేవి. రెండోది అసలు చెయ్యలేదు. వెనక్కి పంపే వాక్యం చివర విత్‌ఇన్‌పుట్ అని ఒక్క ముక్క తగిలించి, ప్రతి గడిలో ఓల్డ్ అని పాత విలువని అడిగితే సరిపోయేది. ఆ పని ఎప్పుడూ వచ్చే నెలకి పడేది.

తాడేపల్లిగూడెం నుంచి ఒక ఆపరేటరు వారానికోసారి ఫోన్ చేసేవారు.

"మేడమండీ, ఫోన్ నంబర్లో ఒక్కంకె తగ్గితే పదిహేడు గళ్లూ ఖాళీ అయిపోతున్నాయండీ. మళ్లీ మొదట్నించీ కొట్టాల్సొస్తందండీ."

"అంకెలు లెక్కపెట్టుకుని కొట్టండి. ఖాళీ అవ్వవు" అన్నాను ఒకసారి.

"సరేనండీ" అని పెట్టేశారు. ఆ మెత్తని గొంతు కూడా నాకు చిరాగ్గానే ఉండేది.

ఏడాది తర్వాత ఒక సోమవారం ఆ గొంతు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. నాకంటే రెండేళ్లు చిన్న. పదేళ్లు ఆ సంఘం కౌంటర్లో టైపు చేసి, ఇంటి దగ్గర వీడియోలు చూసి లారావెల్ నేర్చుకున్నారట. నా ఫారాన్ని సొంతంగా మళ్లీ రాసి మా సారుకి మెయిల్ పెట్టారట. సారు చూసి ఉద్యోగం ఇచ్చేశారు. నాకు మాటమాత్రం చెప్పలేదు.

"మేడమ్ గారండీ, నేనండీ, గూడెం నుంచి ఫోన్ చేసేదాన్నండీ" అన్నారు నా బల్ల దగ్గర నిలబడి, నవ్వుతూ.

"గుర్తుంది" అన్నాను. స్క్రీన్ మీంచి కళ్లు తియ్యలేదు.

మొదటి పదిరోజుల్లోనే ఆవిడ ఫారం సంఘానికి వెళ్లింది. తప్పుంటే ఆ గడి కిందే ఎర్రగా, తెలుగులో, ఒక్క వాక్యం వచ్చేది. 'ఫోన్ నంబరులో పది అంకెలుండాలి, ఒకసారి చూడండి.' మిగిలిన గడులన్నీ కొట్టినవి కొట్టినట్టే ఉండేవి. ఊరు ఎంచుకునే జాబితాలో కూడా ముందు ఎంచుకున్న ఊరే నిలిచేది. పాసుపుస్తకం ఫొటో ఒక్కటే మళ్లీ పెట్టుకోవాలి, ఎందుకంటే ఫైలుని అలా తిరిగి నింపడానికి బ్రౌజరు ఒప్పుకోదు. ఆ సంగతి కూడా వదలకుండా ఆ గడి పక్కన 'ఫొటో మళ్లీ ఎంచుకోవాలండీ' అని రాశారు. ఫారంలో అండీ ఏమిటి అని నేను మూతి తిప్పాను.

సంఘం కార్యదర్శిగారు మా సారుకి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టించి మరీ మెచ్చుకున్నారు. పాతిక నిమిషాలు పట్టే దరఖాస్తు ఇప్పుడు పదిలో అయిపోతోందట. కౌంటర్లో ఆడపిల్లలు కొబ్బరి లౌజు చేసి పంపారు. సారు డబ్బా పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగారు. నేను ఆ ఫారం తెరిచి ఎక్కడ తప్పు దొరుకుతుందా అని వెతుకుతూ రెండు ముక్కలు తిన్నాను. లౌజు బాగుంది. తప్పు దొరకలేదు. రెంటికీ ఒళ్లు మండింది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అదే మరీ బాధ. పాత ఫారం ఎవరు రాశారని కార్యదర్శిగారు అడిగి ఉంటే కనీసం ఎదురుచెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. ఆవిడ మాత్రం ప్రతి చిన్నదానికీ నా దగ్గరికి వచ్చి "మేడమండీ, ఒకసారి చూస్తారా" అనేవారు. అందరిముందూ నన్ను గౌరవించడం కూడా ఆవిడ గొప్పతనం చూపించుకోవడానికేనని అనుకునేదాన్ని. అసూయ పుట్టాక మనిషికి మంచిమాట కూడా ఎంగిలిలాగే కనిపిస్తుంది.

ఆ వేసవి చివర సంఘం ఒక కొత్త పని పెట్టింది. నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, అందరూ ఏరేటర్లు అంటారు, అద్దెకి ఇస్తారు. ఉన్నవి తక్కువ. అందుకని మొదటి విడత రెండున్నర ఎకరాల్లోపు చెరువులవాళ్లకే. వాళ్ల దరఖాస్తులు ఒక్కరోజు, కొల్లేటికోట వైపు ఒక ఊళ్లో, సాయంత్రం అయిదు లోపల తీసుకోవాలి. వానలు పడకముందే యంత్రాలు దించాలని తొందర. మబ్బు పట్టి గాలి ఆడని తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతే, చిన్న చెరువులో చేపంతా ఒక్కపూటలో తేలిపోతుంది. మా నాన్న చెరువుల మీద గుమాస్తా. నేను ఆ తెల్లవారుజాములు చూసినదాన్నే.

మా సారు ఇంకో మాట కూడా చెప్పారు. ఈ క్యాంపు బాగా జరిగితే సంఘం పనులన్నిటికీ ఒకరిని లీడుగా పెడతారట. ఎవరిననేది మర్నాడు మీటింగులో కార్యదర్శిగారి ఎదుట తేలుస్తారట. పదమూడేళ్లలో ఆ మాట కోసం నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు.

విస్తీర్ణం గడితో చిక్కు వచ్చింది. మన వైపు ఎకరాలూ సెంట్లూ మధ్యలో గీత పెట్టి రాస్తారు. రెండెకరాల నలభై సెంట్లంటే 2-40. నియమమేమో సంఖ్యే ఉండాలంటుంది, గీత ఉంటే ఒప్పుకోదు. రైతు చీటీ చూసి కొట్టే ఆపరేటర్లకి ప్రతిసారీ ఎర్రక్షరాలే. ఆవిడ దానికి ఉపాయం రాశారు. నియమాలు చూసే ముందే గీతని తీసి చుక్క పెట్టేస్తుంది. 2-40 కాస్తా 2.40 అవుతుంది. ఆ తర్వాత సంఖ్యేనా, రెండున్నరకి మించిందా అని చూస్తుంది. మించితే గడి కింద 'మొదటి విడతకి చెరువు రెండున్నర ఎకరాలు దాటకూడదు' అని వస్తుంది.

"మేడమండీ, ఒకసారి చూడరూ" అని లాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

చూశాను. ఆ ఒక్క వరస మీద నా కన్ను ఆగిపోయింది.

తాడేపల్లిగూడెం రిజిస్టర్లలో సెంట్లు ఎప్పుడూ రెండంకెలే రాస్తారు. అయిదు సెంట్లంటే 05. ఆవిడ పదేళ్లు చూసినవి అవే. కొల్లేటి ఊళ్లలో అలా రాయరు. మా నాన్న చీటీల మీద రెండెకరాల తొమ్మిది సెంట్లుంటే 2-9 అని రాసేవాడు. పైగా ఆ ఊళ్లలో పాత ఉమ్మడి చెరువుల్ని రెండేసి ఎకరాల ముక్కలుగా పంచుకుని, గట్టులో వాటా వచ్చిన ఆరో ఏడో సెంట్లు దానికి కలుపుకున్నారు. అందుకని ఆ లెక్కవాళ్లు చాలామందే ఉంటారు. గీత తీసి చుక్క పెడితే 2-9 కాస్తా 2.9 అవుతుంది. తొమ్మిది సెంట్లు తొంభై సెంట్లవుతాయి. రెండెకరాల రైతు మూడెకరాలవాడైపోతాడు.

ఈ సంగతి ఆ ఆఫీసులో నాకు ఒక్కదానికే తెలుసు. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

"బాగుంది" అన్నాను.

"ఏవైనా మార్చాలాండీ?"

"ఏం అక్కర్లేదు."

"థాంక్సండీ" అని లాప్‌టాప్ పట్టుకుని వెళ్లిపోయారు. పరీక్షించి చూసుకోవడం ఆవిడ పని, నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. చదువుకోకుండా వచ్చినవాళ్లకి ఇలాంటివి తెలియాలి అని కూడా అనుకున్నాను. క్యాంపుకి ముందున్న వారం రోజులూ చెప్పడానికి నాకు వీలుంది. నోరు మెదపలేదు.

క్యాంపు చర్చి పక్కన రేకుల షెడ్డులో. ఉదయం తొమ్మిదికే రైతులు చీటీలు పట్టుకుని వరసలో ఉన్నారు. రెండు బల్లల దగ్గర ఇద్దరు ఆపరేటర్లు. ఆవిడ వాళ్ల వెనక నిలబడి చూసుకుంటున్నారు. నన్ను మా సారు ఇబ్బందులేమైనా ఉంటే రాసుకు రమ్మని పంపారు. నోటుపుస్తకం పట్టుకుని, తెరలు రెండూ కనబడేలా ఓ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. షెడ్డులో ఉక్కగా ఉంది, చెరువుల మీంచి నీచు వాసన వస్తోంది.

మొదటి గంట ఏమీ జరగలేదు. 1-60, 2-25, ఇలా వచ్చినవన్నీ సాఫీగా వెళ్లిపోయాయి. 1-5 అని చీటీ తెచ్చినామెది కూడా వెళ్లిపోయింది. ఎకరం అయిదు సెంట్లు, లోపల ఎకరన్నరగా పడింది. రెండున్నర దాటలేదు కాబట్టి ఎర్రక్షరం రాలేదు. ఎవరికీ తెలియలేదు. నేను చూసి ఊరుకున్నాను.

పది దాటాక ఒకతను 2-7 తెచ్చాడు. ఆపరేటరు కొట్టి, నొక్కి, తెర చూసి, "మీది ఎక్కువుందండీ. రెండో విడతలో రండి" అంది. అతను "సర్లెండి" అని పక్కకి జరిగాడు. గడి కింద ఎర్ర వాక్యం స్పష్టంగా, మర్యాదగా ఉంది. చుక్క పడేది లోపలి లెక్కలోనే కాబట్టి గడిలో అతను తెచ్చిన 2-7 అలాగే ఉంది. మిగతా గడులు ఒక్క అక్షరం చెదరలేదు. అంత చక్కగా కనబడే తప్పుని ఎవరు మాత్రం అనుమానిస్తారు? ఆపరేటరు కొత్త ఫారం మీద నొక్కింది. తర్వాతి మనిషి వచ్చాడు.

నేను నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. పేరు, ఏ వీధో, 2-7, పదీ పది. మర్నాడు మీటింగులో ఈ పేజీ తీసి చదవాలి. కార్యదర్శిగారి మొహం, ఆవిడ మొహం, రెండూ ఊహించుకున్నాను. ఊహించుకుంటే హాయిగా ఉంది. అది దాచడమెందుకు.

పదకొండు లోపల ఇంకో ఇద్దరు. ఒకటి 2-6, ఒకటి 2-8. ఇద్దర్నీ రాసుకున్నాను.

పన్నెండవుతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. తలకి తువ్వాలు, కాళ్లకి ఆరిన బురద. చీటీ మీద 2-9. ఆపరేటరు అదే మాట చెప్పింది. ఆయన కదల్లేదు.

"రెండెకరాల తొమ్మిది సెంట్లేనమ్మా నాది."

"కంప్యూటరు తీసుకోవట్లేదండీ. ఎక్కువుందంటోంది."

ఆయన అటూ ఇటూ చూసి, నోటుపుస్తకం పట్టుకున్నదాన్ని కదా, పెద్ద ఆఫీసరుననుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరు చూడండి. మొన్న తెల్లారగట్ట చేపంతా పైకొచ్చి నోళ్లు తెరిచిందండీ. ఈ విడత పోతే వానల్లో నాకు మిగలదండీ."

చీటీ నా చేతిలో పెట్టాడు. నేను చదవక్కర్లేదు, అయినా చదివాను. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆవిడ నాలుగు అడుగుల దూరంలో ఇంకో ఆపరేటరుకి ఏదో చూపిస్తున్నారు, మొహం మీద వెంట్రుకలు చెమటకి అతుక్కుని ఉన్నాయి. కార్యదర్శిగారు అప్పుడే వచ్చి, "ఎంత బాగా నడుస్తందమ్మా" అని ఆవిడ భుజం తట్టారు. నా లోపల ఏదో భగ్గుమంది.

"రెండో విడతలో చూద్దామండీ" అన్నాను పెద్దాయనతో.

ఆయన చీటీ మడిచి లాల్చీ జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను నాలుగో వరస రాశాను. ఈసారి హాయిగా లేదు. అయినా రాశాను.

భోజనాలప్పుడు ఆవిడ తన క్యారేజీ పట్టుకుని నా పక్కన కూర్చున్నారు. గోంగూర కలిపిన అన్నం నాకు కొంచెం పెట్టబోయారు. వద్దన్నాను. ఆవిడ కూడా రెండు ముద్దలు తిని ఆగిపోయారు.

"ఆ పెద్దాయన మీతో ఏమన్నారండీ?"

"ఏం లేదు. ఎకరాలు ఎక్కువట."

"తొమ్మిది సెంట్లేనని చెబుతున్నట్టు వినబడిందండీ నాకు." క్యారేజీ మూత పెట్టేశారు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని, విస్తీర్ణం గడిలో 2-9 కొట్టి నొక్కారు. ఎర్ర వాక్యం వచ్చింది. ఆవిడ ఆ తెర వంక చాలాసేపు చూశారు. తర్వాత రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు.

నేనైతే ఆ క్షణంలో ఏం చేసేదాన్నో నాకు తెలుసు. నిశ్శబ్దంగా సరిచేసి, ఎవరికీ తెలియకుండా సర్వరుకి పంపి, చెమట తుడుచుకునేదాన్ని. ఆవిడ లేచి నేరుగా కార్యదర్శిగారు భోంచేస్తున్న చోటికి వెళ్లారు.

"బాబుగారండీ, తప్పు జరిగిందండీ. నాదే తప్పండీ. తొమ్మిది సెంట్లని తొంభై సెంట్లుగా లెక్కేస్తందండీ ఫారం. రెండున్నర లోపు వాళ్లని కూడా పంపించేశామండీ."

అంతమందిలో. మాట స్పష్టంగా ఉంది. కార్యదర్శిగారు చెయ్యి కడుక్కోకుండానే లేచారు. నేను వారం రోజులుగా ఎదురుచూసిన ఘట్టం నా కళ్లముందే జరుగుతోంది, అందులో నేను అనుకున్నట్టు ఏదీ లేదు. ఆవిడ అవమానపడాలని కోరుకున్నాను. ఆవిడేమో తప్పు ఒప్పుకుని కూడా నాకంటే ఎత్తుగానే ఉన్నారు. చివరికి దానికీ కుళ్లుకున్నాను.

పావుగంటలో సరిచేశారు. గీతకి ముందున్నది ఎకరాలు, తర్వాతున్నది సెంట్లు, ఆ సెంట్లని నూటితో భాగించి ఎకరాలకి కలపాలి. 2-9 ఇప్పుడు 2.09 అయింది. సాఫీగా వెళ్లింది. లోపల తప్పు పడిన 1-5 లాంటివాటిని, సంఘంవాళ్లు కట్టలో ఉంచుకున్న చీటీలతో పోల్చి ఆపరేటర్లు దిద్దుకోవచ్చు.

"మరి వెనక్కి పంపినవాళ్లు?" అన్నారు కార్యదర్శిగారు. "వాళ్ల వివరాలు తియ్యమ్మా. ఫోన్లు చేద్దాం."

ఆవిడ లాప్‌టాప్ మీంచి చెయ్యి తీసేశారు. "ఉండవండీ."

"అదేంటి, అన్నీ కొట్టారుగా?"

"నియమం దాటకపోతే లోపలికి చేరవండీ. డేటాబేసులో ఉండవు, సర్వరు రాసుకునే పద్దులో కూడా ఉండవండీ. కొట్టినవి ఒక్కసారి వెనక్కి చూపించడానికి మాత్రమే దాస్తుందండీ. కొత్త ఫారం తెరిచామంటే అవి పోయినట్టేనండీ. వాళ్ల చీటీలు కూడా వాళ్లే పట్టుకెళ్లిపోయారు."

ఆపరేటర్లని అడిగారు. పొద్దుటినుంచి ఇంతమందిని చూశాం, మాకెక్కడ గుర్తుంటారండీ అన్నారు వాళ్లు. పెద్దాయన ఒక్కడు గుర్తున్నాడు, పేరు తెలియదు. అప్పటికి రెండున్నరయింది. ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వెళ్లి నిలబడి, గట్ల వంక చూస్తున్నారు. ఏ గట్టు మీద ఎవరిని వెతుకుతాం? కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది.

నోటుపుస్తకం నా ఒళ్లో ఉంది. ఇవ్వకపోతే ఎవరికీ తెలియదు. ఆ నలుగురికీ ఈ విడత పోతుంది, ఆవిడకి చెడ్డపేరు వస్తుంది, మర్నాడు మీటింగులో నేనేమీ చదవక్కర్లేకుండానే తేలిపోతుంది. ఇదంతా నేను ఆలోచించాను. ఆలోచించలేదంటే అబద్ధం. ఆకాశంలో పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. తెల్లారగట్ట నోళ్లు తెరిచిన చేప అన్నాడు ఆయన. అలాంటి పొద్దున మా నాన్న మోకాలిలోతు నీళ్లలో నిలబడి, చేత్తో నీళ్లు చిమ్ముతూ ఉండడం నేను చూశాను. చేత్తో చిమ్మితే ఏమవుతుంది? అయినా చిమ్మేవాడు.

లేచి వెళ్లి ఆ పేజీ చింపి ఆవిడ చేతికిచ్చాను.

"ఈ నలుగురూనండీ. పేర్లూ వీధులూ ఉన్నాయి."

ఆవిడ పట్టలేని సంతోషంతో కాగితం అందుకున్నారు. అందుకుని చదవడం మొదలుపెట్టారు. మొదటి వరస చదివారు. పదీ పది. రెండోది చదివారు. ప్రతి వరసలో పేరూ, సెంట్లూ, టైమూ. ఆ షెడ్డులో పొద్దుటినుంచి వెనక్కి వెళ్లినవాళ్లలో నిజంగా మూడెకరాలున్నవాళ్లు కూడా ఏడెనిమిదిమంది ఉన్నారు. వాళ్లెవరూ అందులో లేరు. ఈ నలుగురే ఉన్నారు. ఆవిడ తల నెమ్మదిగా పైకెత్తి నా వంక చూశారు. నేను కళ్లు దించుకున్నాను. ఏదో అడుగుతారనుకున్నాను. అడగలేదు. కాగితం పట్టుకుని పరిగెత్తారు.

సంఘంవాళ్లు ఇద్దరు బళ్లమీద ఒకవైపు వెళ్లారు. ఆవిడా నేనూ ఆటో మాట్లాడుకుని పెద్దాయన వీధికి వెళ్లాం. ఇంట్లో లేడు, చెరువు మీదున్నాడన్నారు. ఆటో గట్టెక్కదు. మైలున్నర దూరం గట్టు మీద ఎండలో నడిచాం. ఆవిడ ముందు, నేను వెనక. పెద్దాయన గట్టు చివర కూర్చుని నీళ్ల వంక చూస్తున్నాడు. ఆవిడ ఆయన ముందు వంగి నిలబడి, "తాతగారండీ, తప్పు మాదేనండీ, రండి" అన్నారు. మాదే అన్నారు. ఆయన చీటీ జేబులో ఉందో లేదో తడుముకుంటూ లేచాడు.

అయిదింటికి ఇంకా ఇరవై నిమిషాలుండగా ఆయన పదిహేడు గడులూ నిండాయి. మిగతా ముగ్గురూ అప్పటికే వచ్చి వెళ్లారు. ఎర్రక్షరం ఎక్కడా రాలేదు. పెద్దాయన తెర వంక చూసి, "ఇప్పుడు ఒప్పుకుందాండీ?" అని రెండుసార్లు అడిగాడు.

కార్యదర్శిగారి ప్రాణం కుదుటపడింది. మా సారుకి ఫోన్ కలిపి, అందరూ వినేలా చెప్పారు. "మీ పెద్ద మేడమ్ గారు ఉండబట్టి గట్టెక్కామండీ. లేకపోతే ఆ నలుగురూ పోయేవారే. అనుభవం అంటే అదీ. మన పనులన్నీ ఇక ఆవిడకే అప్పజెప్పండి, మీటింగు కూడా అక్కర్లేదు."

ఆవిడ నా పక్కనే నిలబడి లాప్‌టాప్ వైరు చుట్టబెడుతున్నారు. ఒక్క మాట చాలు. ఇప్పుడు చెబుతారు, చెప్పాలి కూడా అనుకున్నాను. కార్యదర్శిగారు ఆవిడ వైపు తిరిగి, "అవునా కాదామ్మా?" అన్నారు.

"అవునండీ" అన్నారు ఆవిడ, ఎప్పటి మెత్తని గొంతుతోనే. "మేడమ్ గారు పొద్దుటినుంచీ ఒక్కరొక్కర్నే చూసి రాసుకుంటున్నారండీ."

"అలాంటివాళ్లు కావాలి మనకి" అన్నారు కార్యదర్శిగారు.

ఆవిడ వైరు సంచిలో పెట్టుకుని, నాకు నమస్కారం చేసి, బస్సు వేళయిందని వెళ్లిపోయారు. నేను కార్యదర్శిగారికి థాంక్సండీ అని చెప్పాను.